ఇంటర్వ్యూ అయ్యాక థాంక్యూ మెయిల్: చెప్పిందే మళ్లీ చెప్పకుండా ఏం రాయాలి?

తుమ్మలపెంట అల | మంగళవారం, రాత్రి 7:50

అందరికీ నమస్కారం. మాది కావలి. ఇవాళ పొద్దున 11 గంటలకు ముత్తుకూరు వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాను. పోస్టు క్వాలిటీ షిఫ్ట్ ఇన్‌చార్జి. లోపల ముగ్గురున్నారు: హెచ్ఆర్ మేడమ్, క్వాలిటీ మేనేజర్, ప్రొడక్షన్ మేనేజర్. నలభై నిమిషాలు పట్టింది. బాగానే జరిగిందని అనిపిస్తోంది కానీ టెన్షన్ మాత్రం పోలేదు.

థాంక్యూ మెయిల్ పంపితే మంచిదని మా ఫ్రెండ్ చెప్పింది. బస్సులో వస్తూ రాశాను. పంపేది ఇంగ్లీషులోనే, ఇక్కడ మాత్రం తెలుగులో పెడుతున్నా:

"గౌరవనీయులైన సర్, మేడమ్, ఇవాళ నాకు ఇంటర్వ్యూ అవకాశం ఇచ్చినందుకు హృదయపూర్వక ధన్యవాదాలు. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేశాను. ఆక్వా ల్యాబ్‌లో రెండేళ్లు, ప్లాంట్‌లో ఏడాదిన్నర అనుభవం ఉంది. హాసప్ శిక్షణ పొందాను. కష్టపడి పనిచేస్తాను, అందరితో కలిసిపోతాను. ఈ ఉద్యోగానికి నేను పూర్తిగా తగినదాన్నని నమ్ముతున్నాను. మీ సమాధానం కోసం ఎదురుచూస్తుంటాను. మరోసారి ధన్యవాదాలు."

చదువుకుంటే నాకే బయోడేటా మళ్లీ చదివినట్టుంది. ఇవన్నీ వాళ్లకు తెలుసు, లోపల కూడా చెప్పాను. తీసేద్దామంటే ఇంక థాంక్స్ తప్ప ఏమీ మిగలట్లేదు. నేను ఆ పనికి సరిపోతానని చెప్పాలి, చెప్పిందే చెప్పకూడదు. ఎలా?

---

ఉలవపాడు సపోటా | మంగళవారం, రాత్రి 8:12

ముందు లేటు చెయ్యకండి, రేపు పొద్దున లోపు వెళ్లిపోవాలి. వాళ్లు రోజుకు పది మందిని చూస్తారు, రెండో రోజుకు ముఖాలు కలిసిపోతాయి. అందుకే మీ బలాలు మూడు తీసుకుని పాయింట్లుగా మళ్లీ గుర్తుచెయ్యండి. ముగ్గురికీ ఒకే మెయిల్, అందరినీ సీసీలో పెట్టి కొట్టండి. నేను మార్కెటింగ్ ఉద్యోగానికి అలాగే పంపాను, వచ్చింది.

మీ డ్రాఫ్ట్ బాగానే ఉంది, వరుసగా రాసినదాన్ని పాయింట్లు చేస్తే చాలు.

---

ఒంగోలు కోడర్ | మంగళవారం, రాత్రి 8:30

నాదీ ఇదే సమస్య. బెంగళూరు కంపెనీ, వీడియోలో రెండు రౌండ్లు అయ్యాయి. పద్దెనిమిది రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు థాంక్యూ మెయిల్ పెడితే రిజల్ట్ చెప్తారా? సబ్జెక్టులో ఏం పెట్టాలి?

---

పినాకిని గట్టు | మంగళవారం, రాత్రి 9:05

కోడర్ బాబూ, నువ్వు అడిగేది వేరే మెయిల్. పద్దెనిమిది రోజుల తర్వాత థాంక్స్ పేరుతో రిజల్ట్ అడిగితే చదివేవాళ్లకు తెలిసిపోతుంది. నేరుగా అడుగు: "ఫలానా తేదీన రెండో రౌండ్ అయింది, నిర్ణయం ఎప్పటికి తెలుస్తుందో చెప్పగలరా" అని రెండు లైన్లు. పాత ఇన్విటేషన్ మెయిల్‌కే రిప్లై కొట్టు, కొత్త సబ్జెక్టు అవసరం లేదు.

అల అమ్మా, ఇక నీ సంగతి. నేను ప్లాంట్లలో హెచ్ఆర్ పని పందొమ్మిదేళ్లు చేశాను, రొయ్యల ప్లాంట్లే రెండు. ఇంటర్వ్యూల్లో కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో చెప్తాను. ఇంటర్వ్యూ అయిపోగానే ముగ్గురం తలా ఒక షీట్‌లో మార్కులేస్తాం. చదువు, అనుభవం, సర్టిఫికెట్లు అనే గళ్లు నువ్వు తలుపు దాటేలోపే నిండిపోతాయి. నింపకుండా వదిలేసేది కింద ఉండే రిమార్కుల గడి. "మంచి అమ్మాయే, నైట్‌లో ఒంటరిగా నిలబడుతుందా?" లాంటిదేదో అక్కడ ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. నువ్వు నిండిన గళ్లలో మళ్లీ అదే నింపే మెయిల్ పంపితే మాకు చేసేదేమీ ఉండదు. మెయిల్ పనికొచ్చేది ఆ ఖాళీ గడికే.

సపోటా గారు త్వరగా పంపమన్నది కరెక్టే. కానీ బలాలు పాయింట్లుగా మళ్లీ రాయమన్నదానికి నేను ఒప్పుకోను. ముఖం గుర్తుండేది నువ్వు వాళ్లతో మాట్లాడిన మాట వల్ల. "కష్టపడి పనిచేస్తాను" అని ఆ రోజు వచ్చిన పది మందీ అన్నారు.

ఒక్కటి ఆలోచించి చెప్పు. ఆ నలభై నిమిషాల్లో వాళ్లు రాసుకొచ్చిన ప్రశ్నలు పక్కన పెట్టి, తమ ప్లాంట్ గురించి తామే మాట్లాడటం మొదలుపెట్టింది ఎప్పుడు? అక్కడ నువ్వేమన్నావు?

---

తుమ్మలపెంట అల | మంగళవారం, రాత్రి 9:40

అక్కా, అడిగారు కాబట్టి గుర్తొచ్చింది. ప్రొడక్షన్ మేనేజర్ గారు చివర్లో పెన్ను కింద పెట్టి, "మాకు పగలంతా బాగానే ఉంటుందమ్మా, రాత్రి మూడు దాటితే గ్రేడింగ్ టేబుల్ దగ్గర కౌంట్ తప్పుతోంది. నువ్వుంటే ఏం చేస్తావ్?" అన్నారు. నేను "మళ్లీ శాంపుల్ తీసి చెక్ చేస్తాను సర్" అన్నాను. ఆయన "ఊఁ" అని ఊరుకున్నారు.

ఇంకోటి కూడా ఉంది, చెప్పుకోవడానికే ఇబ్బందిగా ఉంది. క్వాలిటీ మేనేజర్ గారు గ్లేజింగ్ లెక్క అడిగారు, అదే ఫ్రీజ్ చేసిన రొయ్య మీద వేసే మంచు పొర లెక్క. గ్లేజ్‌తో కలిపి 1,000 గ్రాములు, గ్లేజ్ కరిగించి నీళ్లు వడిచాక 820 గ్రాములు, అయితే గ్లేజ్ ఎంత శాతం? నేను 180ని 820తో భాగించి సుమారు 22 అన్నాను. ఆయన ఏమీ అనకుండా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. బస్సు పెన్నా బ్రిడ్జి దాటి కోవూరులో ఆగినప్పుడు గుర్తొచ్చింది, భాగించాల్సింది 1,000తో కదా, 18 శాతం. ల్యాబ్‌లో రోజూ చేసే లెక్క. అప్పటి నుంచి మనసు బాలేదు.

---

పినాకిని గట్టు | మంగళవారం, రాత్రి 9:58

మనసు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ "ఊఁ" సంగతి చూడు. ఆయన తన నొప్పి నీ ముందు పెట్టాడు. నువ్వు పుస్తకంలో జవాబు చెప్పావు. తప్పేమీ కాదు, కానీ అక్కడ ఒక తలుపు సగం తెరిచి ఉంది.

పాత ప్లాంట్‌లో నువ్వు నైట్ చేశావా? అక్కడ కౌంట్ తప్పడం చూశావా? చూస్తే ఏం చేశావు? మెయిల్ భాష గురించి ఆలోచించకు, జరిగింది జరిగినట్టు ఇక్కడ రాయి.

---

తుమ్మలపెంట అల | మంగళవారం, రాత్రి 10:25

చేశానక్కా, ఎనిమిది నెలలు నైటే. చిన్న ప్లాంట్, గ్రేడింగ్ టేబుళ్లు రెండే. ఆడవాళ్లు రాత్రి ఎనిమిదికి ఎక్కేవాళ్లు. రెండున్నరకు టీ. టీ అయ్యాక వచ్చిన సరుకులోనే తేడా కనిపించేది. 31/40 అని ట్యాగ్ వేసిన ట్రేలోంచి ఒక పౌండు తూచి లెక్కపెడితే 43, 44 ముక్కలు వచ్చేవి. అంటే చిన్న రొయ్య పెద్ద గ్రేడులోకి పోతోందన్నమాట.

మొదట్లో వాళ్లకు నిద్రొస్తోంది, అందుకే అనుకున్నాను. నాలుగు రోజులు టేబుల్ పక్కనే నిలబడి చూస్తే తెలిసింది. అర్ధరాత్రి దాటాక వచ్చే చివరి బండిలో రెండు మూడు చెరువుల సరుకు కలిసి వచ్చేది. సైజులు బాగా కలగలిసి ఉండేవి. దానికి తోడు టేబుల్ చివర ఒక ట్యూబ్‌లైట్ మసకగా ఉండేది, ఆ చివర కూర్చున్నవాళ్ల ట్రేలే ఎక్కువ తప్పేవి.

అక్కడ శాంపుల్ గంటకొకసారి, అదీ ప్యాకింగ్ దగ్గర తీసేవాళ్లం. బ్లాకు గడ్డకట్టాక తేడా బయటపడితే దాన్ని మళ్లీ కరిగించి, ఏరి, మళ్లీ ఫ్రీజ్ చెయ్యాలి. రొయ్య మెత్తబడిపోతుంది, రేటు పడిపోతుంది. నేను సూపర్‌వైజర్‌ని అడిగి మూడు నుంచి ఐదు దాకా అరగంటకొకసారి, అదీ టేబుల్ మీదే శాంపుల్ తీయడం మొదలుపెట్టాను. లైటు మార్పించాను. అంతకుముందు వారానికి నాలుగైదు సార్లు కరిగించాల్సి వచ్చేది, తర్వాత ఒకటి, ఎప్పుడైనా రెండు.

ఇదంతా లోపల చెప్పలేదు. పాత కంపెనీ మీద చాడీలు చెప్పినట్టు ఉంటుందేమోనని భయపడ్డాను.

---

పినాకిని గట్టు | మంగళవారం, రాత్రి 10:41

నీ మెయిల్ ఇదే తల్లీ. బయోడేటాలో లేదు, ఇంటర్వ్యూలో చెప్పలేదు, ఆయన అడిగినదానికి సూటిగా తగులుతుంది. "నేను ఈ పనికి సరిపోతాను" అని ఒక్క ముక్క అనకుండానే ఆ మాట వాళ్లే అనుకుంటారు.

దీన్ని రాసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. పాత ప్లాంట్ పేరు, కొనుగోలుదారు పేరు, ఎన్ని కార్టన్లు పోయాయి, రేటు ఎంత పడింది, ఇవేవీ రాయకు. చాడీ అవుతుందేమో అన్న నీ భయంలో న్యాయం అక్కడి వరకే. "ఇంతకుముందు పనిచేసిన చోట" అంటే చాలు. ఇంకోటి, వాళ్ల టేబుల్ దగ్గర కారణం ఏంటో నీకు తెలీదు. లైటో, చివరి బండో, మనుషులు మారడమో, మరేదో. నువ్వు చూడకుండానే "మీ సమస్య ఇది, పరిష్కారం ఇది" అంటే ప్రొడక్షన్ మనిషికి కాలుతుంది. నీ దగ్గర జరిగింది చెప్పు, వాళ్ల దగ్గరిది వచ్చి చూస్తానను.

ల్యాబ్ రెండేళ్లు, ఎమ్మెస్సీ, హాసప్, అన్నీ తీసెయ్.

---

చీమకుర్తి రాయి | మంగళవారం, రాత్రి 11:02

కౌంట్ సంగతి బాగుంది. కానీ గ్లేజింగ్ తప్పు గురించి మాత్రం మెయిల్‌లో ఎత్తకండి మేడమ్. ఆయన గమనించకపోయి ఉండొచ్చు. మీరే గుర్తుచేసినట్టవుతుంది. మా గ్రానైట్ ఆఫీసులో ఒకతను ఇంటర్వ్యూ అయ్యాక మూడు తప్పులు సరిదిద్దుతూ పేజీన్నర మెయిల్ పంపాడు. మా మేనేజర్‌కు అప్పటిదాకా అతని మీద మంచి అభిప్రాయమే ఉంది, ఆ మెయిల్‌తో పోయింది.

---

మైపాడు ల్యాబ్ | బుధవారం, ఉదయం 6:10

నేను రొయ్యల ల్యాబ్‌లోనే పనిచేస్తాను. రాయి గారితో ఏకీభవించను. క్వాలిటీ మేనేజర్‌కు 22 విన్నప్పుడు తెలియకపోవడం అనేది ఉండదు. వెయ్యిలో 820 మిగిలిందంటే 18 అని కళ్లకే కనిపిస్తుంది. ఆయన అడిగిందే ఆ తప్పు చేస్తారా లేదా అని చూడటానికి. చాలామంది నికర బరువుతో భాగిస్తారు.

ఆ తేడా కాగితం మీదే ఉండిపోదు. కొనేవాడు 20 శాతం గ్లేజ్ అన్నాడనుకోండి. మీ లెక్కతో ఈ సరుకు 22 వచ్చింది కాబట్టి ఆపేస్తారు, నిజానికి అది 18, పంపొచ్చు. షిఫ్ట్ ఇన్‌చార్జి సంతకంతో పోయే షీట్ అది. తప్పు తనంతట తాను పట్టుకుని సరిదిద్దే మనిషైతే నాకు కావాల్సిన మనిషే. ఒక్క లైనులో రాయండి, క్షమాపణలు వద్దు.

---

చీమకుర్తి రాయి | బుధవారం, ఉదయం 6:48

క్వాలిటీ ఉద్యోగం కాబట్టి మీ మాటలో న్యాయం ఉంది. అయినా నేనైతే రాయను. మెయిల్ ప్రొడక్షన్ మేనేజర్, హెచ్ఆర్ కూడా చదువుతారు. వాళ్లకు ఆ ప్రశ్న గుర్తే ఉండదు, "ఏదో తప్పు చెప్పిందంట" అన్నదే గుర్తుంటుంది.

---

పినాకిని గట్టు | బుధవారం, ఉదయం 7:05

ఇద్దరి మాటా కాదనలేను. రాయి గారు చెప్పిన పేజీన్నర మెయిల్ లాంటివి నేనూ చూశాను. చిన్న చిన్న తడబాట్లన్నీ సరిదిద్దుకుంటూ పోతే ఇంటర్వ్యూ మళ్లీ మొదలుపెట్టినట్టుంటుంది. కానీ ఇది రోజూ వాళ్లు చేసే లెక్క, ఒక్కటే తప్పు, జవాబు ఒక్క లైను. నేనైతే పెడతాను, అదీ కౌంట్ సంగతి తర్వాత, చివర్లో. నిర్ణయం మాత్రం నీదే అల.

---

టంగుటూరు వాసి | బుధవారం, ఉదయం 7:20

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా చెల్లెలు వచ్చే వారం ఒక ప్రభుత్వ బ్యాంకు ఇంటర్వ్యూకి వెళ్తోంది. అక్కడ బోర్డు మెంబర్లకు కూడా ఇలా మెయిల్ పెట్టొచ్చా?

---

పినాకిని గట్టు | బుధవారం, ఉదయం 7:31

వద్దు. నోటిఫికేషన్ అడుగున చూడండి, ఏ రూపంలో సిఫార్సుకు ప్రయత్నించినా అనర్హులవుతారని చాలావాటిలో ఉంటుంది. బోర్డు మెంబర్‌ను విడిగా పలకరించడం, అది థాంక్స్ అయినా సరే, అలా కనపడే ప్రమాదం ఉంది. అక్కడ మార్కులే మాట్లాడతాయి. ఇక్కడ మేం చెప్పుకునేదంతా ప్రైవేటు ఉద్యోగాల గురించే.

---

తుమ్మలపెంట అల | బుధవారం, ఉదయం 7:55

రాత్రి నిద్రపోకుండా మళ్లీ రాశాను. చూడండక్కా:

"గౌరవనీయులైన మేడమ్, నిన్నటి ఇంటర్వ్యూకు ఎంతో ధన్యవాదాలు. మీ అందరితో మాట్లాడటం నా అదృష్టంగా భావిస్తున్నాను. నిన్న ప్రొడక్షన్ మేనేజర్ గారు రాత్రి మూడు దాటాక కౌంట్ తేడా గురించి అడిగినప్పుడు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను, అందుకు చింతిస్తున్నాను. నేను పనిచేసిన చోట ఇదే సమస్య ఉండేది. చివరి బండి సరుకు, వెలుతురు వల్ల అలా జరిగేది. మీ ప్లాంట్‌లో కూడా అదే కారణం అయ్యుంటుంది. నేను అరగంటకో శాంపుల్ టేబుల్ మీదే తీసి దాన్ని బాగా తగ్గించాను. గ్లేజింగ్ లెక్కలో కూడా నేను పొరపాటు చేశాను, జవాబు 18 శాతం, దయచేసి క్షమించండి. మీరు కోరే అన్ని అర్హతలూ నాలో ఉన్నాయని నమ్ముతూ, మీ సమాధానం కోసం ఎదురుచూస్తూ, మరోసారి ధన్యవాదాలు."

ఇంకో ఇబ్బంది. నా దగ్గర హెచ్ఆర్ మేడమ్ మెయిల్ ఒక్కటే ఉంది. మిగతా ఇద్దరివీ లేవు. వాళ్ల పేరు ముందుపెట్టి కంపెనీ అడ్రస్ తగిలిస్తే చేరుతుందా?

---

పినాకిని గట్టు | బుధవారం, ఉదయం 8:15

ఊహించిన అడ్రసులకు పంపకు. చేరితే "ఈమెకు నా మెయిల్ ఎవరిచ్చారు" అనుకుంటారు, చేరకపోతే తిరిగొస్తుంది. హెచ్ఆర్ నీకు పంపిన ఇంటర్వ్యూ మెయిల్‌కే రిప్లై కొట్టు, ఆ ఇద్దరికీ పంపమని అడుగు. అలా అడిగితే ఏ హెచ్ఆర్ కూడా విసుక్కోదు. నా దగ్గరకు అలాంటివి వస్తే రెండు క్లిక్కుల పని, పంపేసేదాన్ని. సబ్జెక్టు మార్చకు. అందులో పోస్టు పేరు, తేదీ ముందే ఉంటాయి, మేం వెతుక్కోనక్కర్లేదు.

సపోటా గారు అందరినీ సీసీలో పెట్టమన్నారు. ముగ్గురి అడ్రసులూ ఉంటే నేను విడివిడిగా పంపమంటాను, ఎవరు అడిగిన ప్రశ్న వాళ్లకు తగిలేలా. ముగ్గురికీ ఒక్కో కాపీ అదే మాటలతో వెళ్లిందంటే, మధ్యాహ్నం భోజనాల దగ్గర "నీకూ వచ్చిందా" అనుకుంటారు. నీ విషయంలో హెచ్ఆర్ ద్వారా వెళ్తోంది కాబట్టి ఒక్కటి చాలు.

ఇక డ్రాఫ్టు. రాత్రి రాసిన కథ బాగుంది, మెయిల్‌లోకి వచ్చేసరికి బెదిరిపోయావు. థాంక్స్ రెండు సార్లు ఉంది, మొదట్లో ఒక్కసారి చాలు. "చింతిస్తున్నాను", "క్షమించండి" తీసెయ్, నువ్వు నేరం చెయ్యలేదు. "అదృష్టం" తీసెయ్. "మీ ప్లాంట్‌లో కూడా అదే కారణం" అన్నావు, నిన్న వద్దన్నది అదే. "అన్ని అర్హతలూ" లైనుతో మళ్లీ బయోడేటా దగ్గరికి వచ్చేశావు. "బాగా తగ్గించాను" కన్నా ఏం జరిగిందో చెప్పు. నీళ్లు కలిపితే మజ్జిగ అవుతుంది, నీ దగ్గర పెరుగు ఉంది.

ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడు, నీ మాటలే, నేను కత్తిరించానంతే:

"నమస్కారం మేడమ్,

నిన్న మీ ముగ్గురూ నలభై నిమిషాలు కేటాయించినందుకు ధన్యవాదాలు. ఈ మెయిల్‌ను క్వాలిటీ మేనేజర్ గారికి, ప్రొడక్షన్ మేనేజర్ గారికి కూడా పంపగలరా?

రాత్రి మూడు దాటాక గ్రేడింగ్‌లో కౌంట్ తప్పుతోందని ప్రొడక్షన్ మేనేజర్ గారు అన్నప్పుడు, మళ్లీ శాంపుల్ తీస్తానని మాత్రమే చెప్పాను. ఇంతకుముందు పనిచేసిన చోట ఎనిమిది నెలలు నైట్ షిఫ్ట్‌లో ఇదే చూశాను. అక్కడ మూడు నుంచి ఐదు వరకు శాంపుల్‌ను గంటకు బదులు అరగంటకు, ప్యాకింగ్ దగ్గర కాకుండా టేబుల్ మీదే తీయడం మొదలుపెట్టాం. తేడా ఫ్రీజింగ్‌కు ముందే దొరికేది, బ్లాకులు కరిగించాల్సిన పని వారానికి నాలుగైదు సార్ల నుంచి ఒకటి రెండుకు తగ్గింది. మీ దగ్గర కారణం వేరే కావచ్చు. అవకాశం వస్తే మొదటి వారం నైట్‌లోనే ఉండి టేబుల్ దగ్గర చూడాలనుకుంటున్నాను.

గ్లేజింగ్ లెక్కలో మొత్తం బరువుకు బదులు నికర బరువుతో భాగించాను. 1,000 గ్రాములకు 820 మిగిలితే గ్లేజ్ 18 శాతం.

ఇట్లు..."

ఫోన్‌లో ఒకసారి వేలితో జరిపితే అయిపోతుంది. గ్లేజింగ్ పేరా ఉంచాలో తీయాలో నువ్వు చూసుకో.

---

ఉలవపాడు సపోటా | బుధవారం, ఉదయం 8:32

పినాకిని అక్క మాట ఒప్పుకుంటున్నా, ఇది నేను చెప్పినదానికన్నా బాగుంది. నా మార్కెటింగ్ ఉద్యోగంలో పాయింట్లు ఎందుకు పనిచేశాయో ఇప్పుడు అర్థమవుతోంది. ఆ మూడు పాయింట్లలో ఒకటి వాళ్ల కొత్త ఏరియా గురించి, అది ఇంటర్వ్యూలో రాలేదు. పనిచేసింది అదే అయ్యుంటుంది, మిగతా రెండూ కాదు.

ఒక్క డౌటు. "మొదలుపెట్టాం" అన్నారు. చేసింది ఆమె కదా, "మొదలుపెట్టాను" అని ఉండాలి కదా?

---

పినాకిని గట్టు | బుధవారం, ఉదయం 8:40

మంచి ప్రశ్న. ఆలోచన ఆమెది, అనుమతి సూపర్‌వైజర్‌ది, చేతులు టేబుల్ దగ్గరి వాళ్లవి. ప్రొడక్షన్ మేనేజర్ చదువుతున్నాడని గుర్తుపెట్టుకుని "మొదలుపెట్టాం" అన్నాను. కానీ అల ఇంటర్వ్యూలో అంతా తక్కువ చేసుకుని మాట్లాడి ఉంటే "సూపర్‌వైజర్‌ని అడిగి మొదలుపెట్టాను" అనడమే మంచిది. అదే నిజం కూడా.

---

మైపాడు ల్యాబ్ | బుధవారం, ఉదయం 8:44

"సూపర్‌వైజర్‌ని అడిగి మొదలుపెట్టాను" బెస్ట్. షిఫ్ట్‌లో ఏదైనా మార్చే ముందు పై వాళ్లను అడుగుతుందని కూడా తెలుస్తుంది.

---

వెంకటాచలం రోడ్డు | బుధవారం, ఉదయం 8:50

ఇంత మెయిల్ ఎందుకండీ? మన వైపు ప్లాంట్లలో హెచ్ఆర్ వాళ్లు లొకేషన్, టైమింగ్ అన్నీ వాట్సాప్‌లోనే పంపుతారు. అదే నంబరుకు పెడితే వెంటనే చూస్తారు. మెయిల్ ఎవరు తెరుస్తారు?

---

పినాకిని గట్టు | బుధవారం, ఉదయం 9:02

చూస్తారు, నిజమే. కానీ ప్లాంట్ మేనేజర్ల దగ్గరికి వెళ్లాలంటే మెయిల్ నయం. వాట్సాప్ మెసేజ్ చూసి వదిలేస్తాం, మెయిలైతే అభ్యర్థి ఫైలుతో పాటు ఉంటుంది. ఇంటర్వ్యూ పిలుపే వాట్సాప్‌లో వచ్చి, మెయిల్ అడ్రస్ అసలు ఇవ్వకపోతే మాత్రం అక్కడే పంపడం తప్ప దారి లేదు.

---

వెంకటాచలం రోడ్డు | బుధవారం, ఉదయం 9:06

నా అనుభవం వేరు. మెయిల్ పెట్టిన రెండు చోట్లా జవాబు రాలేదు, వాట్సాప్‌లో పెట్టిన చోట వచ్చింది.

---

తుమ్మలపెంట అల | బుధవారం, ఉదయం 9:25

పంపేశాను. గ్లేజింగ్ పేరా ఉంచాను. "సూపర్‌వైజర్‌ని అడిగి" అని మార్చాను. పంపే ముందు గట్టిగా చదివితే "నికర బరువు" దగ్గర నాలుక తడబడింది, ఇంగ్లీషులో "నెట్ వెయిట్" కాబట్టి సరిపోయింది.

వాట్సాప్‌లో పెట్టలేదు. ఇంటర్వ్యూ పిలుపు మెయిల్‌లోనే వచ్చింది.

---

ఒంగోలు కోడర్ | బుధవారం, మధ్యాహ్నం 1:10

అక్కా, మీరు చెప్పినట్టు రెండు లైన్లు పంపాను. గంటలో జవాబొచ్చింది, ఆ పోస్టు ఆపేశారంట. తెలిసింది, అదీ మంచిదే. వచ్చే సోమవారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. మాకు కౌంట్, గ్లేజింగ్ లాంటివి ఉండవు కదా, సాఫ్ట్‌వేర్‌లో ఏం రాయాలి?

---

పినాకిని గట్టు | బుధవారం, మధ్యాహ్నం 2:20

ఉంటాయి బాబూ. వాళ్లు పెన్ను కింద పెట్టి తమ కష్టం చెప్పేది ఏ ఇంటర్వ్యూలోనైనా ఒకటి రెండు నిమిషాలు ఉంటుంది. "మాకు రిలీజ్ రాత్రులు మెలకువే" అనో, "ఈ పాత కోడ్ ముట్టుకోవాలంటే భయం" అనో. ఇంటర్వ్యూ అయ్యాక బయటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకముందు ఆ మాట వాళ్లన్నట్టే కాగితం మీద రాసుకో. సాయంత్రానికి వాళ్ల మాట పోయి నీ మాట మిగులుతుంది. ఆ మాటకు నీ పనిలో జరిగిన ఒక సంగతి ఉంటే రాయి.

ఒక్కోసారి అలాంటి మాటే రాదు. ముప్పై నిమిషాలు ప్రశ్నలు చదివి పంపేస్తారు. అప్పుడు రెండు లైన్ల థాంక్స్ పంపి ఆపెయ్. లేనిది అల్లితే తెలిసిపోతుంది.

---

తుమ్మలపెంట అల | గురువారం, సాయంత్రం 5:35

హెచ్ఆర్ మేడమ్ నిన్నే "ఫార్వర్డ్ చేశాను" అని రాశారు. ఇవాళ మధ్యాహ్నం క్వాలిటీ మేనేజర్ గారి నుంచి నేరుగా మెయిల్ వచ్చింది. థాంక్స్, ఉద్యోగం, ఏమీ లేదు. ఒకే ప్రశ్న: "టేబుల్ మీద శాంపుల్ ఎంత బరువు తీసేవారు, ఎన్ని చోట్ల నుంచి?"

చేతులు వణుకుతున్నాయి. మళ్లీ మొదటి నుంచి ధన్యవాదాలు చెప్పి, హాసప్ గురించి కూడా కలిపి రాయనా?

---

మైపాడు ల్యాబ్ | గురువారం, సాయంత్రం 5:41

వద్దు వద్దు. అడిగింది చెప్పండి.

---

పినాకిని గట్టు | గురువారం, సాయంత్రం 5:58

ఆయన ఇప్పుడు నీతో పని మాట్లాడుతున్నాడు. పని తెలిసిన మనిషిలా జవాబు చెప్పు. ఎంత తీసేదానివి?

---

తుమ్మలపెంట అల | గురువారం, సాయంత్రం 6:04

టేబుల్ రెండు చివరల నుంచి, మధ్య నుంచి, మొత్తం మూడు చోట్ల. ఒక్కో చోట ఒక పౌండు, అంటే 454 గ్రాములు. మూడూ విడిగా లెక్కపెట్టేదాన్ని, కలిపితే ఏ చివర తప్పుతోందో తెలీదు కాబట్టి. మొదటి వారం కలిపే చూశాను, సగటు సరిగ్గానే వచ్చేది, తప్పు కనపడేది కాదు.

---

పినాకిని గట్టు | గురువారం, సాయంత్రం 6:07

ఇది యథాతథంగా పంపు. "మొదటి వారం కలిపే చూశాను" అన్నది తప్పకుండా ఉంచు.

---

తుమ్మలపెంట అల | గురువారం, సాయంత్రం 6:15

పంపాను. నాలుగు లైన్లు.